రెండు ఊటలు, ఒకే బజారు: కూర్నో ద్విస్వామ్యంలో ఉత్పత్తినీ ధరనూ లెక్కగట్టడం ఎలా

ఫ్రెంచి గణితవేత్త ఆంత్వాన్ ఒగుస్తాన్ కూర్నో 1838లో ప్రచురించిన గ్రంథంలో ఒక చిన్న ఊహతో పోటీని వివరించాడు. ఒకే గుణం గల ఖనిజ జలం ఊరే ఊటలు రెండున్నాయి, వాటికి యజమానులు ఇద్దరు, ఆ నీరు అమ్ముడుపోయే బజారు మాత్రం ఒక్కటే. ఇద్దరూ ఒప్పందమేదీ చేసుకోకుండా, రోజుకు ఎంత నీరు బజారుకు పంపాలో ఎవరికి వారే నిర్ణయించుకుంటే, మొత్తం ఎంత నీరు వస్తుంది, అది ఏ ధరకు అమ్ముడవుతుంది అన్నది ఆయన ప్రశ్న. ఈ లెక్కను ప్రతిచర్యా ప్రమేయాల ద్వారా మొదటినుంచి చివరిదాకా ఎలా సాధించాలో, వచ్చిన జవాబును ఏకస్వామ్యంతోనూ సంపూర్ణ పోటీతోనూ ఎలా పోల్చాలో ఇక్కడ చూద్దాం. బట్టీపట్టిన సూత్రంలో అంకెలు వేసినా జవాబు వస్తుంది గానీ, ఇద్దరి ఖర్చులు వేరైన మరుక్షణమే ఆ సూత్రం అక్కరకు రాదు. కనుక దారినే నేర్చుకోవడం మేలు.

మొదటి అంచె: డిమాండునూ ఖర్చునూ రాసిపెట్టుకోండి

రోజుకు మొదటి ఊట నుంచి వచ్చే సీసాలను q1 అనీ, రెండో ఊట నుంచి వచ్చేవాటిని q2 అనీ, రెండింటి మొత్తాన్ని Q అనీ అనుకోండి. సీసా ధర P అప్పటి ఫ్రెంచి నాణెమైన సాంటీములలో ఉంటుంది, నూరు సాంటీములు ఒక ఫ్రాంకు. డిమాండు రేఖను ఇలా తీసుకుందాం:

P = 150 − Q, ఇక్కడ Q = q1 + q2

సీసాకూ బిరడాకూ బజారుదాకా మోతకూ కలిపి ఒక్కో సీసాకు అయ్యే ఖర్చు ఇద్దరికీ 30 సాంటీములే అనుకుందాం. ఎన్ని సీసాలు నింపినా సీసాకు అంతే అవుతుంది కాబట్టి ఉపాంత వ్యయం కూడా 30. ఈ అంకెలన్నీ లెక్క కోసం నేను పెట్టుకున్నవే. కూర్నో తన ఉదాహరణలో ఖర్చును సున్నాగా తీసుకున్నాడు. అలా తీసుకుంటే గణితం తేలికవుతుంది గానీ సంపూర్ణ పోటీలో ధర కూడా సున్నా అని తేలుతుంది, అది చూసి కొత్తగా చదివేవారు తమ లెక్కే తప్పిందేమోనని తికమకపడతారు. ఎంతోకొంత ఖర్చు పెట్టుకుంటే మూడు రకాల మార్కెట్లలోనూ ధరలు విడివిడిగా కనబడతాయి.

రెండో అంచె: ముందుగా రెండు కొసలను కనుక్కోండి

ద్విస్వామ్యం జోలికి పోకముందే ఏకస్వామ్యం జవాబునూ సంపూర్ణ పోటీ జవాబునూ రాసి పక్కన పెట్టుకోండి. ఇవి చివర్లో పోల్చడానికే కాక, మధ్యలో మీ లెక్క సరిగా నడుస్తోందో లేదో చూసుకోవడానికి కూడా పనికొస్తాయి.

రెండు ఊటలూ ఒకే యజమానివైతే అతని లాభం (150 − Q)Q − 30Q, అంటే (120 − Q)Q అవుతుంది. ఉపాంత రాబడి 150 − 2Q. దాన్ని ఉపాంత వ్యయమైన 30కి సమానం చేస్తే Q = 60 వస్తుంది. ధర 90, లాభం రోజుకు 3600 సాంటీములు, అంటే 36 ఫ్రాంకులు.

సంపూర్ణ పోటీలో ఏ ఒక్క అమ్మకందారూ ధరను కదిలించలేడు కాబట్టి ధర ఉపాంత వ్యయానికి సమానమవుతుంది. P = 30 అయితే Q = 120, లాభం సున్నా. 60, 120 అనే ఈ రెండు అంకెలూ మళ్ళీ ఎదురవుతాయి.

మూడో అంచె: మొదటి యజమాని ప్రతిచర్యా ప్రమేయాన్ని రాబట్టండి

ఇక్కడే ఉంది అసలు పని. మొదటి యజమాని లాభాన్ని ఇలా రాయండి:

π1 = (120 − q1 − q2) q1

ఈ సమీకరణాన్ని q1 దృష్ట్యా అవకలనం చేసేటప్పుడు q2ను మారని సంఖ్యగా ఉంచాలి. రెండో యజమాని ఎన్ని సీసాలు పంపుతాడో మొదటివాడు తన మనసులో ఒక అంచనా వేసుకుని, తాను ఏం చేసినా ఆ సంఖ్య మారదని భావిస్తాడన్నది కూర్నో నమూనాకు మూలమైన ఊహ. అవకలజాన్ని సున్నాకు సమానం చేస్తే 120 − 2q1 − q2 = 0 వస్తుంది. దాన్ని q1 కోసం సాధించండి:

q1 = 60 − q2/2

ఇదే మొదటి యజమాని ప్రతిచర్యా ప్రమేయం. ఎదుటివాడు ఎన్ని సీసాలు పంపితే తాను ఎన్ని పంపడం అన్నింటికన్నా లాభమో ఇది చెబుతుంది. ఇద్దరి ఖర్చూ ఒకటే కాబట్టి రెండోవాడిది కూడా ఇదే రూపంలో q2 = 60 − q1/2 అవుతుంది.

ముందుకు పోయేముందు ఈ ప్రమేయాన్ని రెండు కొసల దగ్గర పరీక్షించండి. q2 = 0 అయితే q1 = 60, అంటే ఎదుటివాడు బజారుకే రాకపోతే మొదటివాడు ఏకస్వామ్యంలో ఉన్నట్టే లెక్క. q2 = 120 అయితే q1 = 0, అంటే ఎదుటివాడు సంపూర్ణ పోటీలో వచ్చేంత సరుకును ఒక్కడే దింపేస్తే ధర ఖర్చుకు దిగిపోతుంది, ఇక మొదటివాడికి ఒక్క సీసా అమ్మినా ప్రయోజనం లేదు. రెండో అంచెలోని అంకెలు ఈ రెండు కొసల దగ్గర రాకపోతే మీ అవకలనంలో ఎక్కడో పొరపాటు దొర్లిందని వెంటనే గ్రహించవచ్చు.

సగానికి సగం తగ్గడం ఎందుకన్నది అర్థం కావాలంటే ఒక్క సందర్భాన్ని దగ్గరగా చూడండి. రెండోవాడు 50 సీసాలు పంపుతాడనుకుంటే మొదటివాడికి మిగిలే డిమాండు P = 100 − q1. ఆ మిగిలిన డిమాండు మీద అతడు ఏకస్వామ్యదారులాగే ప్రవర్తిస్తాడు. ఉపాంత రాబడి 100 − 2q1ను 30కి సమానం చేస్తే q1 = 35 వస్తుంది, ప్రమేయంలో 50 వేసినా వచ్చేది అదే. ఎదుటివాడు మరో రెండు సీసాలు పెంచితే ఈ మిగిలిన డిమాండు రేఖ రెండు యూనిట్లు లోపలికి జరుగుతుంది. సరళరేఖ డిమాండులో ఏకస్వామ్యదారు ఉత్పత్తి, ధర ఖర్చుకు సమానమయ్యే ఉత్పత్తిలో సగమే ఉంటుంది కాబట్టి, మొదటివాడు తగ్గించుకునేది ఒక్క సీసానే. అందువల్ల మొత్తం సరుకు ఒక సీసా పెరుగుతుంది, ధర ఒక సాంటీము దిగుతుంది.

నాలుగో అంచె: రెండు ప్రమేయాలనూ కలిపి సాధించండి

సమతౌల్యంలో ఎవరి అంచనా కూడా తప్పకూడదు. మొదటివాడు ఊహించిన q2నే రెండోవాడు నిజంగా పంపాలి, రెండోవాడు ఊహించిన q1నే మొదటివాడు పంపాలి. అంటే రెండు సమీకరణాలూ ఒకేసారి నెరవేరాలి. రెండోదాన్ని మొదటిదాంట్లో పెట్టండి:

q1 = 60 − (60 − q1/2)/2 = 30 + q1/4

దీనినుంచి q1 = 40, ఆపైన q2 = 40 వస్తాయి. మొత్తం 80 సీసాలు, ధర 70, ఒక్కొక్కరి లాభం (70 − 30) × 40 = 1600 సాంటీములు.

జవాబు వచ్చిందని అక్కడితో ఆగకుండా సరిచూసుకోండి. రెండోవాడిని 40 దగ్గరే ఉంచి మొదటివాడిని ఒక సీసా అటూ ఇటూ జరపండి. 41 పంపితే ధర 69, సీసాకు మిగిలేది 39, లాభం 1599. 39 పంపితే ధర 71, సీసాకు మిగిలేది 41, లాభం మళ్ళీ 1599. ఎటు జరిగినా తగ్గుతోంది కాబట్టి 40 సరైనదే. ఇంకొక చిన్న పరీక్ష కూడా ఉంది. డిమాండు రేఖ వాలు ఒకటిగా ఉన్నప్పుడు, సమతౌల్యంలో సీసాకు మిగిలే సొమ్ము ఆ సంస్థ ఉత్పత్తికి సమానంగా ఉంటుంది. ఇక్కడ 70 − 30 = 40, ఉత్పత్తీ 40. ఖర్చులు వేరైనా ఈ పరీక్ష నిలుస్తుంది కాబట్టి గుర్తుపెట్టుకోండి.

ఐదో అంచె: పటం గీయండి

అడ్డ అక్షం మీద q1ను, నిలువు అక్షం మీద q2ను తీసుకోండి. మొదటివాడి ప్రతిచర్యా రేఖ (60, 0) నుంచి (0, 120) దాకా నిటారుగా ఉంటుంది. రెండోవాడిది (120, 0) నుంచి (0, 60) దాకా వాలుగా ఉంటుంది. రెండూ (40, 40) దగ్గర ఖండించుకుంటాయి. చాలామంది ఈ రెండు రేఖల పేర్లనూ తారుమారు చేస్తారు. ఖర్చులు సమానంగా ఉన్నప్పుడు ఖండన బిందువు మారదు కాబట్టి ఆ తప్పు బయటపడకుండానే ఉండిపోతుంది.

దాన్ని పట్టుకోవాలంటే మెట్లు మెట్లుగా నడిచి చూడండి. మొదటివాడు ఒక్కడే ఉన్నప్పుడు 60 సీసాలు పంపుతున్నాడనుకుందాం. రెండోవాడు వచ్చి దానికి జవాబుగా 30 పంపుతాడు. అది చూసి మొదటివాడు 45కు తగ్గుతాడు, రెండోవాడు 37.5కు పెరుగుతాడు, మొదటివాడు 41.25కు దిగుతాడు. 40కి ఉన్న దూరం ప్రతి మెట్టుకూ సగమవుతూ పోతుంది. రేఖల పేర్లు సరిగా పెట్టి ఉంటే మీ మెట్లు ఖండన బిందువు వైపు ముడుచుకుంటూ పోతాయి, తారుమారైతే దానికి దూరంగా జరుగుతాయి. అయితే ఈ మెట్ల నడకను నిజంగా రోజులు గడుస్తున్న కొద్దీ జరిగే కథగా తీసుకోకండి. ప్రతి మెట్టులోనూ ఎదుటివాడు కదలడని నమ్మి, ప్రతిసారీ ఆ నమ్మకం వమ్మవుతున్నా మళ్ళీ అదే నమ్మే మనిషి తెలివైన వ్యాపారి కాలేడు. పైగా సంస్థలు మూడై, ముగ్గురూ ఒకేసారి ఇలా సర్దుకుంటే ఈ నడక సమతౌల్యానికి చేరకుండా అటూ ఇటూ ఊగుతూనే ఉంటుందని ఆర్థికవేత్త థియోకారిస్ 1960లో చూపించాడు. సమతౌల్యానికి ఆధారం ఈ నడక కాదు, అక్కడికి చేరాక ఏ ఒక్కరికీ కదలడం వల్ల లాభం లేకపోవడమే ఆధారం. జాన్ నాష్ 1950 ప్రాంతంలో సాధారణ రూపమిచ్చిన సమతౌల్య భావన ఈ లెక్కలో అంతకు శతాబ్దం ముందే ఉంది.

ఆరో అంచె: మూడు మార్కెట్లనూ పక్కపక్కన పెట్టండి

వినియోగదారుల మిగులు అంటే డిమాండు రేఖకు కింద, ధర గీతకు పైన ఉండే త్రికోణం. మన డిమాండు రేఖకు అది Q²/2 అవుతుంది.

| | ఏకస్వామ్యం | కూర్నో | సంపూర్ణ పోటీ |
|---|---|---|---|
| మొత్తం ఉత్పత్తి | 60 | 80 | 120 |
| ధర | 90 | 70 | 30 |
| మొత్తం లాభం | 3600 | 3200 | 0 |
| వినియోగదారుల మిగులు | 1800 | 3200 | 7200 |

సంపూర్ణ పోటీ ఉత్పత్తిలో ఏకస్వామ్యం సగం ఇస్తే, ఇద్దరున్న బజారు మూడింట రెండు వంతులు ఇస్తుంది. ఒకే ఖర్చు గల సంస్థలు n ఉంటే అది n/(n+1) వంతు అవుతుంది. కడపటి రెండు వరుసలను కూడితే ఏకస్వామ్యంలో 5400, కూర్నోలో 6400, సంపూర్ణ పోటీలో 7200 వస్తాయి. అంటే ఎవరికీ దక్కకుండా పోయే నష్టం ఏకస్వామ్యంలో 1800, ఇద్దరుంటే 800.

అంకెలు చూపించడం కన్నా, జవాబు ఎందుకు మధ్యలో పడిందో చెప్పగలగడం ముఖ్యం. దానికి ఇద్దరూ రహస్యంగా కూడబలుక్కుని ఏకస్వామ్య ఉత్పత్తిని చెరి సగం, అంటే 30 చొప్పున పంచుకున్నారని అనుకోండి. ధర 90, ఒక్కొక్కరికి 1800 సాంటీముల లాభం, కూర్నోలో వచ్చే 1600 కన్నా అది మెరుగే. ఇప్పుడు మొదటివాడు ఇంకొక సీసా ఎక్కువ పంపితే ఏమవుతుందో చూడండి. ధర 89కి దిగుతుంది, కొత్త సీసా మీద 59 సాంటీములు మిగులుతాయి, తన పాత 30 సీసాల మీద ఒక్కో సాంటీము చొప్పున 30 పోతాయి. నికరంగా 29 లాభం. ధర దిగినందువల్ల ఎదుటివాడి 30 సీసాల మీద కూడా 30 సాంటీములు పోయాయి, కానీ ఆ నష్టం మొదటివాడి పద్దులోకి రాదు. రెండు ఊటలూ ఒకడివే అయితే అరవై సీసాల నష్టాన్నీ వాడే మోయాలి కాబట్టి ఆ కొత్త సీసాను పంపడు.

ఇలా మొదటివాడు తన ప్రమేయం ప్రకారం 45 దాకా పెంచితే ధర 75, అతని లాభం 2025, మాట మీద నిలబడ్డ ఎదుటివాడి లాభం 1350. ఎదుటివాడికీ ఇదే ఆశ ఉంటుంది కనుక 30, 30 అనే ఒప్పందం దానంతట అది నిలవదు. మరి ఇద్దరూ సంపూర్ణ పోటీ దాకా ఎందుకు పోరు? ఎందుకంటే తన సీసా వల్ల తన సరుకు మీద పడే నష్టాన్ని ప్రతివాడూ లెక్కలోకి తీసుకుంటూనే ఉన్నాడు. సంపూర్ణ పోటీలో అమ్మకందారు ఆ నష్టాన్ని కూడా లెక్కించడు, ఏకస్వామ్యదారు నష్టమంతా లెక్కిస్తాడు, కూర్నో సంస్థ తన వంతు మాత్రమే లెక్కిస్తుంది. అందుకే ఉత్పత్తి 60కీ 120కీ నడుమ ఆగుతుంది.

ఎక్కువగా దొర్లే తప్పు

ఇద్దరూ సమానులే కదా అని లాభ సమీకరణంలోనే q1 = q2 = q అని పెట్టేయడం పరీక్ష పత్రాల్లో తరచు కనిపించే పొరపాటు. అలా పెడితే లాభం (120 − 2q)q అవుతుంది, అవకలనం చేస్తే q = 30, మొత్తం 60, ధర 90. ఈ జవాబును ఏకస్వామ్యం గడితో పోల్చిన వెంటనే గుట్టు తెలిసిపోతుంది. అవకలనానికి ముందే సమానం చేస్తే, తాను ఒక సీసా పెంచినప్పుడు ఎదుటివాడు కూడా తప్పక ఒకటి పెంచుతాడని అనుకున్నట్టవుతుంది, అంటే కార్టెల్ లెక్కను చేసినట్టే. అవకలనం ముందు, సమానం చేయడం తర్వాత అన్న వరుస తప్పకూడదు. ఉపాంత రాబడిని 150 − 2q1 − q2 అనడానికి బదులు 150 − 2Q అని రాసినా ఇదే తప్పు ఇంకో వేషంలో వస్తుంది.

ఈ నమూనా ఎక్కడ వర్తిస్తుంది

ఇద్దరూ ముందుగా సరుకును నిర్ణయించుకుని, దాన్ని వెంటనే మార్చుకోలేని చోట కూర్నో లెక్క సరిపోతుంది. నింపిన సీసాలు బండికెక్కి బజారు చేరాక ఆ రోజుకు ఇక పరిమాణం మారదు, ధరే సర్దుకోవాలి. అలా కాకుండా ఇద్దరూ ధరను ప్రకటించి, వచ్చిన గిరాకీకల్లా సరుకు ఇవ్వగలిగితే జవాబు వేరు. ఒకే రకం నీటికి ఒక సాంటీము తగ్గించినవాడి దగ్గరికే అందరూ పోతారు కాబట్టి ధర 30 దాకా పడిపోతుంది. జోసెఫ్ బెర్‌ట్రాండ్ 1883లో కూర్నో మీద లేవనెత్తిన అభ్యంతరం సారం ఇదే. ప్రశ్నలో సంస్థలు ఎంచుకునేది పరిమాణాన్నా ధరనా అన్నది ముందు చదివి, ఆ తర్వాతే కలం పట్టండి.

ఏడో అంచె: ఖర్చులు వేరైనప్పుడు

రెండో ఊట బజారుకు దూరం, మోత ఎక్కువ, అందుచేత అతని ఖర్చు సీసాకు 45 అనుకోండి. మొదటివాడి ప్రమేయం మారదు. రెండోవాడి లాభం (105 − q1 − q2) q2 కాబట్టి అతని ప్రమేయం q2 = 52.5 − q1/2 అవుతుంది. పటంలో అతని రేఖ ఒక్కటే సమాంతరంగా లోపలికి జరుగుతుంది. రెండూ కలిపి సాధిస్తే q1 = 45, q2 = 30, మొత్తం 75, ధర 75. ఇందాకటి పరీక్ష పెట్టండి: 75 − 30 = 45, 75 − 45 = 30, రెండూ సరిపోయాయి. లాభాలు వరుసగా 2025, 900.

ఇక్కడ గమనించదగినది ఒకటుంది. రెండోవాడి ఖర్చు 15 పెరిగితే ధర పెరిగింది 5 మాత్రమే. అతడు 10 సీసాలు తగ్గించుకుంటే మొదటివాడు 5 పెంచి ఆ ఖాళీలో సగం పూడ్చాడు. సంపూర్ణ పోటీతో పోల్చేటప్పుడు మాత్రం జాగ్రత్త అవసరం. అక్కడ ధర తక్కువ ఖర్చైన 30కి చేరుతుంది, 120 సీసాలూ మొదటి ఊట నుంచే వస్తాయి, 45 ఖర్చుతో నింపేవాడు నిలవలేడు. కూర్నోలో అతడు నిలుస్తాడు, సీసాకు 15 చొప్పున 30 సీసాల మీద 450 సాంటీములు అదనపు ఖర్చు కింద వృథా అవుతాయి. కాబట్టి ఖర్చులు వేరైన చోట, సరుకు తగ్గడం వల్ల పోయే త్రికోణంతో పాటు ఈ వృథానూ కలిపితేనే సమాజానికి జరిగిన నష్టం పూర్తిగా తేలుతుంది.

రెండోవాడి ఖర్చును ఇంకా పెంచుతూ పోతే 90 దగ్గర q2 సున్నా అవుతుంది. 90 అంటే మొదటివాడి ఏకస్వామ్య ధరే, ఎదుటివాడు ఒంటరిగా అమ్మే ధరకన్నా తన ఖర్చు తక్కువైతేనే రెండోవాడికి బజారులో చోటుంటుంది. 90 దాటిన ఖర్చుతో రెండు సమీకరణాలనూ యాంత్రికంగా సాధిస్తే q2 రుణ సంఖ్యగా వస్తుంది. అలా వచ్చినప్పుడు ఆ సంఖ్యను జవాబుగా రాయకుండా q2 = 0 అని ఉంచి, మొదటివాడి ప్రమేయం నుంచి q1 = 60, P = 90 అని తీసుకోండి.